అట్టపెట్టెల ఆర్డరు: మీ ధ్రువీకరణ మెయిలుపై ఫిర్యాదు

సేల్స్ మేనేజర్ గారికి,

విషయం: మా పర్చేజ్ ఆర్డరు నం. 118, అయిదు ప్లై అట్టపెట్టెలు. వచ్చిన సరుకు తిరస్కరణ, మీరు పంపే ధ్రువీకరణ మెయిలులో మార్పు కోసం అభ్యర్థన.

నమస్కారం.

ఈ నెల 19న మీ లారీ దించిన 5,460 పెట్టెల్లో ఒక్కటి కూడా మాకు పనికి రాలేదు. ఈ సంగతి ఫోనులో మీకు చెప్పినప్పుడు, "మెయిలు పంపాం కదా, మీరు అభ్యంతరం చెప్పలేదు కదా" అన్నారు. మా ఫిర్యాదు ఆ మెయిలు గురించే. పెట్టెలు తప్పుగా తయారు కావడానికి మీ కార్ఖానా కారణం కాదు. మీ ఆఫీసు నుంచి వెళ్లిన నాలుగు వాక్యాలే కారణం.

మా ఆర్డరులో ఇలా రాశాం: "లోపలి కొలత 335 × 252 × 137 మి.మీ., 5,000 పెట్టెలు, సరుకు దిగవలసిన చోటు మా గోదాము." మర్నాడు మీ నుంచి వచ్చిన ధ్రువీకరణలో "సైజు 335 × 252 × 137, సుమారు 5,000, సరఫరా మీ రికార్డు చిరునామాకు, ధన్యవాదాలు" అని ఉంది. అంకెలు అవే కాబట్టి మా గుమాస్తా సరిపోయిందనుకున్నాడు. మూడు మాటలు మారిపోయాయని అతను గమనించలేదు. అందులో మా అజాగ్రత్త ఉంది, ఒప్పుకుంటున్నాను. అయితే ఆ మాటలను మార్చింది మీరు. మార్చినట్టు మాకు చెప్పలేదు.

మొదటిది కొలత. ఒక్కో పెట్టెలో నాలుగు మూడ్ల పన్నెండు పచ్చడి సీసాలు పెడతాం. సీసా వ్యాసం 80, ఎత్తు 130 మిల్లీమీటర్లు. పొడవు వైపు నాలుగు సీసాలకు 320, వాటి మధ్య మూడు అట్ట అరలకు 9, మొత్తం 329 కావాలి. వేలు దూరే సందు కోసం 335 అని రాశాం. మీరు దాన్ని బయటి కొలతగా తీసుకున్నారు. మీ అయిదు ప్లై అట్ట మందం మేము కొలిస్తే 6.5 మి.మీ. ఉంది. రెండు వైపుల గోడలు పోగా లోపల మిగిలింది 322. అరలు తీసేస్తే నాలుగు సీసాలు ఎలాగో కూర్చుంటాయి, కానీ గాజుకు గాజు తగులుతుంది.

ఎత్తు దగ్గర ఇంకా కష్టం. పైన రెండు మడతలు, కింద రెండు మడతలు ఒకదానిమీద ఒకటి పడతాయి కాబట్టి నాలుగు మందాలు, అంటే 26 మి.మీ. పోతాయి. 137 నుంచి 111 మిగిలింది. పెట్టెలో పెట్టిన సీసా మూత అంచు దాటి రెండు సెంటీమీటర్ల దాకా పైకి నిలబడింది. టేపు వేయడానికి మూత రెక్కలు దగ్గరకే రావు. "లోపలి" అన్న ఒక్క మాట మీ మెయిలులో ఉండి ఉంటే కోత యంత్రం దగ్గర ఉన్నవారు అట్ట మందాన్ని కలుపుకొనే మడత గీతలు వేసేవారు.

రెండోది సంఖ్య. 5,000 అడిగితే 5,460 పంపి, అన్నింటికీ పెట్టె 26 రూపాయల చొప్పున బిల్లు వేశారు. ఎక్కువ వచ్చిన 460కి 11,960 రూపాయలు. అచ్చు వేసిన పెట్టెలకు పది శాతం అటూ ఇటూ కావడం వ్యాపార ఆనవాయితీ అన్నారు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 37వ సెక్షను ప్రకారం, ఒప్పుకున్నదానికన్నా ఎక్కువ పంపితే కొనేవారు అదనపు సరుకును కాని మొత్తాన్ని కాని తిరస్కరించవచ్చు. అదే సెక్షను వ్యాపార ఆనవాయితీకీ, ప్రత్యేక ఒప్పందానికీ లోబడి ఉంటుంది. మెయిలులో "సుమారు" అని రాసి ఊరుకుంటే రెండు పక్షాలూ తమకు నచ్చిన అర్థం చెప్పుకోవడానికి చోటు దొరికేది అక్కడే. తేడా ఉండక తప్పకపోతే ఎంత శాతమో, ఎక్కువైనవాటికి డబ్బు ఎవరు ఇవ్వాలో అంకెల్లో రాయాలి.

మూడోది చిరునామా. మీ రికార్డులో ఉన్నది అరండల్‌పేటలోని మా ఆఫీసు. బిల్లు అక్కడికి రావాలి, సరుకు గోదాముకు రావాలి. మీ ఇన్‌వాయిస్‌లోనూ ఈ-వే బిల్లులోనూ ఆఫీసు చిరునామానే ఎక్కించారు. పగలు పదకొండింటికి లారీ ఆ సందు మొదట్లో ఆగింది, లోపలికి తిరగలేదు. సాయంత్రానికి గోదాము చేరింది. అదనపు బాడుగ 3,500 మేమే ఇచ్చాం. ఈ-వే బిల్లులో ఒక చోటు, సరుకు దిగే చోటు ఇంకొకటి అయితే దారిలో తనిఖీ జరిగినప్పుడు సమాధానం చెప్పుకోవలసింది మీరూ మేమూ. మీ డ్రైవరు ఆ రోజంతా ఆ భయంతోనే ఉన్నాడు.

1872 నాటి ఒప్పందాల చట్టం 7వ సెక్షను అంగీకారం ఎలాంటి షరతూ లేకుండా సంపూర్ణంగా ఉండాలంటుంది. మాటలు మార్చి పంపిన అంగీకారం కొత్త ప్రతిపాదన అవుతుంది. అలాంటప్పుడు మార్పును వేరుగా చూపించి, మా జవాబు వచ్చాకే అట్ట కోయాలి. మీ తదుపరి మెయిలు ఇలా ఉండాలని కోరుతున్నాను. ఇవన్నీ మెయిలులోనే రాయండి. జతచేసిన ఫైలులో మాత్రమే ఉంటే లారీ పంపే ఉద్యోగి దాన్ని తెరవడు.

"మీ ఆర్డరు నం. 118, రెండో సవరణ అందింది. మొదటి ప్రతి ఇక చెల్లదు. పెట్టెలు 5,000, మీరు ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఎక్కువ పంపం, పంపినా బిల్లు వేయం. తక్కువైతే వచ్చినవాటికే బిల్లు. లోపలి కొలత, పొడవు × వెడల్పు × ఎత్తు: 335 × 252 × 137 మి.మీ., తేడా 2 మి.మీ. దాటదు. అయిదు ప్లై. ప్రతి పెట్టెతో అయిదు అట్ట ముక్కల అరల సెట్టు ఒకటి, సెట్లు 5,000. బిల్లు చిరునామా: ఆఫీసు. సరుకు దిగే చిరునామా: గోదాము, గేటు నంబరు, అక్కడ ఉండే వ్యక్తి ఫోను, ఈ-వే బిల్లులో ఇదే రాస్తాం. మీ ఆర్డరుకూ ఈ మెయిలుకూ తేడా: లేదు. నమూనా పెట్టెను మీ సీసాలతో సరిచూసి 'సరే' అని మీరు రాసిన తర్వాతే మిగతా కోత."

ఇందులో "తేడా" అన్న వాక్యాన్ని మాత్రం వదిలేయకండి. అది రాయవలసి వచ్చినవారు మా ఆర్డరును పక్కన పెట్టుకుని మాట మాటా పోల్చక తప్పదు. ఫోనులో కుదిరిన మార్పును కూడా అదే రోజు ఇదే పద్ధతిలో మళ్లీ పంపించాలి.

మీరు చిన్న పరిశ్రమగా నమోదై ఉన్నారు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం సరుకుపై అభ్యంతరాన్ని 15 రోజుల్లోగా రాతపూర్వకంగా చెప్పాలి. ఇది మూడో రోజు. సరిచూడడానికి విప్పిన 40 పెట్టెలు తప్ప మిగతావి కట్టలతోనే గోదాములో ఉన్నాయి. వాటిని మీ ఖర్చుతో తీసుకువెళ్లండి. 1,41,960 రూపాయల బిల్లుకు క్రెడిట్ నోటు ఇవ్వండి. బాడుగ 3,500 తిరిగి ఇవ్వండి. పైన రాసిన ధ్రువీకరణతో 5,000 పెట్టెలు మళ్లీ తయారు చేయండి. అచ్చు ప్లేటు మీ దగ్గరే ఉంది, బొమ్మలో మార్పు లేదు.

మీతో చాలా కాలంగా లావాదేవీలు ఉన్నాయి, మీ అట్ట నాణ్యత మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. మామిడికాయ పచ్చడి సీసాలు ఇప్పటికే మూతలు బిగించి వరుసగా ఉన్నాయి. వాటిని పెట్టడానికి పెట్టెలు లేవు. ఏడు రోజుల్లోగా నమూనా పెట్టె పంపగలరో లేదో ఈ లేఖ అందిన మర్నాటికల్లా రాయండి.

ఇట్లు,
భాగస్వామి,
పచ్చళ్ల తయారీ సంస్థ, గుంటూరు

జతచేసినవి: మా ఆర్డరు, మీ ధ్రువీకరణ మెయిలు, ఇన్‌వాయిస్, ఈ-వే బిల్లు, సీసా పెట్టిన పెట్టె పక్కన కొలబద్దతో తీసిన ఫొటోలు.