ఫిర్యాదు లేఖ: సీఎస్‌వీ ఫైల్లో ఫోన్ నంబర్ల ముందు సున్నాలు పోతున్నాయి

విజయవాడ

కస్టమర్ సపోర్ట్ మేనేజర్ గారికి,

విషయం: మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి తీసుకున్న పార్టీల లిస్టులో ఫోన్ నంబర్ల ముందు సున్నాలు పోవడం, దీనికి మీ వైపు నుంచి చేయాల్సిన మార్పులు.

నమస్కారం అండి.

మాది విజయవాడలో మందుల హోల్‌సేల్ ఏజెన్సీ. ఆరేళ్లుగా మీ సాఫ్ట్‌వేర్‌లోనే బిల్లులు కొడుతున్నాం. ఈ సమస్య గురించి గత మూడు వారాల్లో మీ సపోర్టుకు మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ మూడు రకాల సమాధానాలు వచ్చాయి. మొదటి రెండింటితో పని జరగలేదు, మూడోది మిగిలిన నంబర్లను కూడా పాడు చేసింది. అందుకే అంతా కాగితం మీద పెడుతున్నాను. దయచేసి దీన్ని సాఫ్ట్‌వేర్ తయారుచేసే వాళ్ల దాకా పంపండి.

మాకు 412 పార్టీలు ఉన్నాయి. చాలావరకు మెడికల్ షాపులు, కొన్ని మాకు సరుకు పంపే కంపెనీల ఆఫీసులు. రోజూ ఉదయం ఆర్డర్ల కోసం మా ల్యాండ్‌లైన్‌కు తగిలించిన డయలర్ మిషన్ ఈ నంబర్లకు వరసగా ఫోన్లు కలుపుతుంది. ఊరి బయటి ల్యాండ్‌లైన్‌కు ఎస్‌టీడీ కోడ్ ముందు సున్నా ఎలాగూ కావాలి. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్‌లోంచి ఏ మొబైల్‌కు చేసినా ముందు సున్నా కొట్టాల్సిందే. కాబట్టి మా లిస్టులో మొబైల్ అయినా ల్యాండ్‌లైన్ అయినా ప్రతి నంబరూ సున్నాతోనే మొదలవుతుంది. అలాగే ఎంట్రీ చేశాం, మీ సాఫ్ట్‌వేర్ తెర మీద ఇప్పటికీ అలాగే కనిపిస్తోంది.

సమస్య మొదలైన రోజు, మూతపడిన నాలుగు షాపులను తీసేద్దామని లిస్టును సీఎస్‌వీగా ఎక్స్‌పోర్ట్ చేశాం. ఎక్సెల్‌లో తెరిచి, ఆ నాలుగు వరసలు కొట్టేసి, సేవ్ చేసి డయలర్‌కు ఎక్కించాం. పొద్దున మొబైల్ నంబర్లు ఒక్కటీ కలవలేదు, ముందు సున్నా చేర్చమని అనౌన్స్‌మెంట్ వస్తోంది. ముంబై ఆఫీసు నంబరుకు జరిగింది ఇంకా ఘోరం. 022లో సున్నా పోయాక నంబరు 22తో మొదలైంది. మా ఊళ్లో లోకల్ నంబర్లు 2తో మొదలయ్యే ఏడంకెలవి. ఎక్స్ఛేంజి మొదటి ఏడంకెలు తీసుకుని ఈ ఊళ్లోనే ఎవరింటికో కలిపేసింది. డయలర్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది కదా, నాలుగోసారి ఒక పెద్దావిడ ఎత్తి, “బాబూ, ఇంట్లో జబ్బు మనిషి ఉన్నారు, ఇట్లా చేయకండి” అన్నారు. ఆ మాట విన్నాక నాకు చాలా బాధేసింది.

సున్నా ఎక్కడ పోతోందో నేనే కూర్చుని చూశాను. మీ దగ్గర కొత్తగా ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలును ఎక్సెల్‌లో కాకుండా నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఇలా ఉంది. అంకెలు మార్చి రాస్తున్నాను.

```
code,phone
0047,08662000000
0112,09800000000
0215,08674200000/09800000001
```

అదే ఫైలును డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిచి, సేవ్ చేసి, మళ్లీ నోట్‌ప్యాడ్‌లో చూస్తే ఇలా ఉంది.

```
code,phone
47,8662000000
112,9800000000
215,08674200000/09800000001
```

అంటే ఎక్స్‌పోర్ట్ అయినప్పుడు సున్నా ఉంది, తెరిచినప్పుడు పోయింది, సేవ్ చేయడంతో ఆ పోవడం ఫైల్లోకి ఎక్కింది. సీఎస్‌వీ అంటే కామాలతో విడదీసిన ఉత్త అక్షరాలే. ఈ గడిలో ఉన్నది లెక్క, ఆ గడిలో ఉన్నది పేరు అని చెప్పుకునే చోటు అందులో లేదు. అందుకని ఎక్సెల్ తనే ఊహిస్తుంది. గడిలో అన్నీ అంకెలే ఉంటే దాన్ని సంఖ్య అనుకుంటుంది, సంఖ్యకు ముందున్న సున్నాకు విలువ లేదు కాబట్టి వదిలేస్తుంది. దాచడం కాదు, అసలు ఉంచుకోదు. అందుకే తర్వాత ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చినా సున్నా తిరిగి రాదు.

మూడో వరస చూడండి. రెండు నంబర్ల మధ్య గీత ఉండడంతో అది సంఖ్య కాలేదు, సున్నాలు చెక్కుచెదరలేదు. మాకు అనుమానం వచ్చింది కూడా ఇక్కడే. ఎక్సెల్‌లో ఇలాంటి వరసలు గడిలో ఎడమవైపుకు జరిగి ఉన్నాయి, మిగతావన్నీ కుడివైపుకు. ఫోన్ నంబరు కుడివైపుకు జరిగి కనిపించిందంటే అది అప్పటికే సంఖ్యగా మారిపోయినట్టే.

ఇక మీ వాళ్ల సమాధానాలు. మొదటిసారి మాట్లాడినాయన “మా ఫైలు కరెక్టే సార్, అది ఎక్సెల్ సమస్య” అన్నారు. ఫైలు కరెక్టే, ఒప్పుకుంటాను. కానీ లిస్టు బయటికి తీసుకోవడానికి మీరు ఇచ్చిన దారి ఆ ఒక్క బటనే. ఆ ఫైలును మా కంప్యూటర్‌లో డబుల్ క్లిక్ చేస్తే ఎక్సెల్‌లోనే తెరుచుకుంటుంది. మీ కస్టమర్లలో చాలామంది చేసేది అదే. అలా తెరిస్తే చెడిపోయే ఫైలును ఒక్క హెచ్చరిక కూడా లేకుండా చేతికిచ్చి, తప్పు మాది కాదంటే ఎలా?

రెండోసారి, వచ్చే అప్‌డేట్‌లో నంబర్లకు డబుల్ కోట్స్ పెడతామన్నారు. నోట్‌ప్యాడ్‌లో నేనే `"08662000000"` అని పెట్టి తెరిచి చూశాను. సున్నా అప్పుడూ పోయింది. సీఎస్‌వీలో కోట్స్ ఉన్నది గడి లోపల కామా వస్తే దాన్ని కాపాడడానికి. ఎక్సెల్ వాటిని ఒలిచేసి లోపలున్న అంకెలను మళ్లీ సంఖ్యగానే చదువుతుంది. దయచేసి ఆ అప్‌డేట్ మీద టైమ్ పెట్టకండి.

మూడోసారి, సున్నా తీసేసి ముందు 91 పెట్టమన్నారు. అది నమ్మి చేయించడం నా పొరపాటు. 91 పెడితే పన్నెండంకెలు అవుతాయి. అంత పొడుగు సంఖ్య మామూలు గడిలో పడితే ఎక్సెల్ దాన్ని `9.18662E+11` అని చూపిస్తుంది. సీఎస్‌వీగా సేవ్ చేస్తే తెర మీద కనిపించేదే ఫైల్లోకి వెళ్తుంది. బెజవాడ ల్యాండ్‌లైన్ ఉన్న పార్టీలకు వరసగా ఇలాంటి రాతే పడింది. సున్నా పోతే చేర్చుకోవచ్చు, చివరి ఆరు అంకెలు పోతే ఎక్కణ్నించి తెస్తాం? అదృష్టం కొద్దీ మొదట ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలు వేరే ఫోల్డర్‌లో ఉంది. లేకపోతే ఆ రాత్రి టెన్షన్ ఇప్పటికీ ఉండేది.

ఇది మీ పరీక్షల్లో ఎందుకు బయటపడలేదో నాకు అర్థమైంది. చాలామంది పదంకెల మొబైల్ నంబరు మాత్రమే ఎంట్రీ చేస్తారు, దాని ముందు సున్నా ఉండదు. మన పిన్ కోడ్ ఏదీ సున్నాతో మొదలవదు. మామూలు శాంపిల్ లిస్టుతో చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. పైగా 0866, 0863, 0891 లాంటి మన కోడ్‌లలో సున్నా పోతే మిగిలేది 8తో మొదలయ్యే పదంకెలు. చూడడానికి అచ్చం మొబైల్ నంబరే. చెడిపోయిన లిస్టును మీ సాఫ్ట్‌వేర్‌లోకి తిరిగి ఎక్కించినప్పుడు అది కూడా మొబైలే అనుకుని, బాకీ గుర్తుచేసే ఎస్ఎంఎస్‌లను ల్యాండ్‌లైన్లకు పంపింది.

ఫోన్ నంబర్లు బాగుచేసుకోగలిగామంటే దానికి కారణం ఒక్కటే. మన దేశంలో ఎస్‌టీడీ కోడ్‌తో కలిపిన ల్యాండ్‌లైన్ అయినా, మొబైల్ అయినా, సున్నా కాకుండా పదంకెలే. పక్క కాలమ్‌లో ఈ ఫార్ములా సరిపోయింది:

```
=IF(LEN(B2)=10,"0"&B2,B2)
```

పార్టీ కోడ్ ఎప్పుడూ నాలుగంకెలే కాబట్టి దానికి `=TEXT(A2,"0000")` చాలింది. కానీ అదే లిస్టులో సప్లయర్ల బ్యాంకు ఖాతా నంబర్లు కూడా ఉన్నాయి. ఒక్కో బ్యాంకుది ఒక్కో పొడవు. ముందు ఒక సున్నా పోయిందో మూడు పోయాయో ఏ ఫార్ములా చెప్పలేదు. వాటిని పాత చెక్కులు ముందు పెట్టుకుని ఒక్కొక్కటిగా సరిచూసుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు మేం ఫైలును డబుల్ క్లిక్ చేయడం మానేశాం. ఖాళీ ఎక్సెల్ తెరిచి, `Data` లో `From Text/CSV` నొక్కి, ఫైలు ఎంచుకున్నాక వచ్చే కిటికీలో `Data Type Detection` దగ్గర `Do not detect data types` పెట్టి లోడ్ చేస్తున్నాం. అప్పుడు అన్నీ అక్షరాలుగానే వస్తాయి, సున్నాలు ఉంటాయి. దాన్ని `.xlsx` గానే దాచుకుంటున్నాం. డయలర్‌కు సీఎస్‌వీ కావాలి కాబట్టి ఎక్కించే ముందు ఒక్కసారి సీఎస్‌వీగా సేవ్ చేసి, నోట్‌ప్యాడ్‌లో మాత్రమే సరిచూస్తున్నాం. ఆ సీఎస్‌వీని మళ్లీ డబుల్ క్లిక్ చేసి సేవ్ చేస్తే కథ మొదటికే వస్తుంది. కొత్త ఎక్సెల్ ఉన్న ఒక కంప్యూటర్‌లో `File`, `Options`, `Data` కింద `Remove leading zeros and convert to a number` అనే టిక్ తీసేశాం, దానివల్ల డబుల్ క్లిక్ చేసినా సున్నా ఉంటోంది. అయితే ఆ సెట్టింగ్ ఏ కంప్యూటర్‌లో మారిస్తే దానికే. కౌంటర్ దగ్గరున్న పాత 2016 ఎక్సెల్‌లో అది లేనే లేదు. నేను సెలవులో ఉన్న రోజు కొత్త కుర్రాడు డబుల్ క్లిక్ చేస్తే చాలు, అంతా మళ్లీ మొదలు.

అందుకే మీ వైపు నుంచి మార్పు కావాలి. సీఎస్‌వీ బటన్ పక్కనే `.xlsx` ఎక్స్‌పోర్ట్ ఇవ్వండి. అందులో ఫోన్, పార్టీ కోడ్, ఖాతా నంబరు గడులను టెక్స్ట్‌గా రాయండి. ఆ ఫైల్లో ప్రతి గడికీ అది ఏమిటో చెప్పుకునే చోటు ఉంటుంది కాబట్టి ఎక్సెల్‌కు ఊహించే పని ఉండదు. సీఎస్‌వీలో `="08662000000"` అని రాసే చిట్కా ఒకటుంది, దాని జోలికి మాత్రం పోకండి. అది ఒక్కసారికే పనిచేస్తుంది. ఎక్సెల్‌లో సేవ్ చేయగానే ఆ గుర్తులు పోయి ఉత్త నంబరు మిగులుతుంది, రెండోసారి తెరిస్తే సున్నా పోతుంది. సేవ్ చేయకుండా నేరుగా డయలర్‌కు ఎక్కిస్తే ఆ గుర్తులే నంబరులో భాగం అయిపోతాయి.

ఇంపోర్ట్ వైపు కూడా ఒక తనిఖీ పెట్టండి. ఇప్పటికే సాఫ్ట్‌వేర్‌లో ఉన్న పార్టీకి వచ్చిన కొత్త నంబరు, పాత నంబరులోంచి ముందు సున్నా తీసేసినట్టు ఉంటే, లేదా గడిలో `E+` కనిపిస్తే, అక్కడే ఆపి మమ్మల్ని అడగండి. పాత నంబరు మీ దగ్గరే ఉంది కాబట్టి పోల్చడం పెద్ద పనేమీ కాదు. ఈ తనిఖీ ఒక్కటి ఉన్నా ఆ ఎస్ఎంఎస్‌లు పోయేవి కావు.

ఈ రెండూ వచ్చేవరకు ఎక్స్‌పోర్ట్ బటన్ కిందే, డబుల్ క్లిక్ చేయకుండా `From Text/CSV` తో తెరవమని తెలుగులో రెండు లైన్లు రాయండి. 91 చేర్చమని సలహా ఇవ్వడం ఆపమని మీ సపోర్ట్ వాళ్లకు ఈరోజే చెప్పండి. ఇది ఒక్కటి మాత్రం ఆలస్యం చేయకండి.

మా ఏఎంసీ వచ్చే నెలాఖరుకు రెన్యువల్‌కు వస్తోంది. ఏ మార్పు ఏ తేదీకి ఇస్తారో ఆలోపు రాసి పంపండి. నోట్‌ప్యాడ్‌లో తీసిన స్క్రీన్‌షాట్లు, చెడిపోయిన ఫైలు, చెడిపోని ఫైలు ఈ లేఖతో జతచేస్తున్నాను. ఆ ఫైళ్లను మీరు కూడా ముందు నోట్‌ప్యాడ్‌లోనే తెరవండి.

ఇట్లు,
అకౌంట్స్ ఇన్‌ఛార్జి,
మందుల హోల్‌సేల్ ఏజెన్సీ, విజయవాడ