వార్షిక నివేదిక, మైదానం విభాగం: ఈ ఏడాది చేరిన కొత్త ఆటగాళ్లకు ఉత్తరం

సభ్యులందరికీ నమస్కారం.

జమాఖర్చులు కోశాధికారి గారు, ఏడాది పొడవునా జరిగిన ఆటల వివరాలు కార్యదర్శి గారు ఇదే నివేదికలో రాశారు. మైదానం యజమానిగా నా వంతు నేను రాస్తున్నాను. ఈ ఏడాది మన సంఘంలో చేరినవాళ్లలో ఎక్కువమంది, చిన్న ప్లాస్టిక్ గోళీలు కాల్చే గన్లతో ఆడే ఎయిర్‌సాఫ్ట్ ఇంతకు ముందు ఆడనివాళ్లే. మాస్టర్స్ చదవడానికి ఇంగ్లండ్ వచ్చిన పిల్లలు ఉన్నారు, ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడే స్థిరపడినవాళ్లు ఉన్నారు, ఆదివారం పూట కొడుకుతోనో కూతురితోనో కలిసి ఆడదామని వచ్చినవాళ్లూ ఉన్నారు. అందుకని ఈసారి నా భాగాన్ని వాళ్లకి ఉత్తరంలాగా రాస్తున్నాను. పాతవాళ్లు కూడా దయచేసి చదవండి. క్రోనో బల్ల దగ్గర పద్ధతి ఎందుకు మారిందో అందులో ఉంది.

క్రోనో అంటే గన్ గొట్టం ముందు పెట్టే చిన్న పెట్టె. లోపల కొంచెం దూరంలో రెండు సెన్సర్లు ఉంటాయి. బీబీ అనే ఆ ప్లాస్టిక్ గోళీ మొదటిదాన్ని దాటి రెండోదాన్ని చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి వేగం చెబుతుంది. ఇక్కడ అందరూ ఆ వేగాన్ని సెకనుకి ఇన్ని అడుగులు అనే లెక్కలోనే మాట్లాడుకుంటారు. మన మైదానంలో మామూలు రైఫిల్‌కి పరిమితి 0.20 గ్రాముల బీబీతో 350 అడుగులు. కొత్తవాళ్లు ఈ 350 అంకెనే గుర్తుపెట్టుకుంటారు. కానీ మేం అసలు కొలవాలనుకునేది వేగం కాదు, బీబీ మోసుకెళ్లే శక్తి. దాన్ని జౌల్ అనే కొలతతో, జౌళ్లలో లెక్కిస్తాం. 0.20 గ్రాముల బీబీ 350 అడుగుల వేగంతో వెళ్తే సుమారు 1.14 జౌళ్లు. మన పరిమితి నిజానికి అదే.

బ్రిటన్ చట్టం కూడా జౌళ్లలోనే మాట్లాడుతుంది. 2017లో వచ్చిన పోలీసింగ్ అండ్ క్రైమ్ యాక్ట్, 1968 నాటి ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్‌లో ఎయిర్‌సాఫ్ట్ గన్‌కి ఒక నిర్వచనం చేర్చింది. ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కి పట్టుకుంటే వరసగా కాల్చగలిగే గన్ అయితే 1.3 జౌళ్లు, నొక్కిన ప్రతిసారీ ఒక్కటే వదిలే గన్ అయితే 2.5 జౌళ్లు దాటకూడదు. దాటితే, ఫైర్‌ఆర్మ్ కాదంటూ ఎయిర్‌సాఫ్ట్ గన్‌కి ఇచ్చిన మినహాయింపు దానికి వర్తించదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. మీరు రోజంతా ఒక్కొక్కటిగానే కాల్చినా, గన్‌కి వరసగా కాల్చే సామర్థ్యం ఉంటే చాలు, అది 1.3 లెక్కలోకే వస్తుంది. వీసా మీద ఉన్న పిల్లలు ఈ పేరా రెండుసార్లు చదవాలని నా కోరిక.

క్రోనో బల్ల దగ్గర ఏం మారింది

ఇప్పుడు మార్షల్, అంటే ఆటని పర్యవేక్షించేవాడు, మీ చేతికి మైదానం బీబీలు ఇచ్చి ఊరుకోడు. ఆ రోజు మీరు ఏ బీబీతో ఆడబోతున్నారో అదే బీబీతో, మీ మ్యాగజైన్‌తోనే కాల్చమంటాడు. ముందు ఆ మ్యాగజైన్‌లోంచి పది బీబీలు తీసి, బంగారం తూచేదాని లాంటి చిన్న త్రాసు మీద పెడతాడు. 3.2 గ్రాములు చూపిస్తే ఒక్కోటి 0.32 అన్నమాట. సీసా మీద రాసింది చూసి నమ్మడు, ఎందుకంటే సీసాలో ఉన్నదీ మ్యాగజైన్‌లో ఉన్నదీ ఒకటే అయి ఉండాలని లేదు. తర్వాత ఆ బరువుని క్రోనోలో నమోదు చేస్తాడు. హాప్-అప్‌ని, అంటే బీబీని వెనక్కి తిరిగేలా చేసే చిన్న రబ్బరు అమరికని, ఆటలో ఎలా ఉంచుతారో అలాగే పెట్టమంటాడు, ఎందుకంటే అది బిగుసుకున్నా వదులైనా వేగం మారుతుంది. అప్పుడు ఐదుసార్లు కాల్పించి, అన్నిటికంటే ఎక్కువ వచ్చిన అంకెనే రాసుకుంటాడు.

ఇదంతా ఎందుకో చెప్పడానికి వేసవిలో జరిగిన ఒక సంగతి రాస్తాను. ఒక కొత్త సభ్యుడు గాలి సిలిండర్‌తో నడిచే రైఫిల్ సెకండ్ హ్యాండ్‌లో కొని తెచ్చాడు. బాగా జాగ్రత్త గల కుర్రాడు, ఇంట్లోనే క్రోనో చేసి 340 వచ్చిందని కాగితం మీద రాసుకుని మరీ వచ్చాడు. 0.20తో మా దగ్గరా 340 వచ్చింది. అంటే 1.07 జౌళ్లు, ఏ ఇబ్బందీ లేదు. కానీ అతను ఆడబోయేది 0.32తో. దాంతో కాల్చితే 300 వచ్చింది. "ఇంకా తగ్గింది కదా అన్నా" అన్నాడు. చూస్తే తగ్గినట్టే ఉంటుంది. లెక్క వేసి చూద్దాం. 300 అడుగులంటే సెకనుకి 91.4 మీటర్లు. దాన్ని దానితోనే గుణించి, బీబీ బరువు 0.00032 కిలోలతో గుణించి, సగం చేస్తే 1.34 జౌళ్లు. మన పరిమితి దాటింది, చట్టం పెట్టిన 1.3 కూడా దాటింది. అదే శక్తి నిలిచి ఉంటే 0.32 బీబీకి రావాల్సిన వేగం సుమారు 269 అడుగులు. మిగతా 31 అడుగులు ఎక్కడినుంచి వచ్చాయి?

బరువైన బీబీ గొట్టంలోంచి నెమ్మదిగా కదులుతుంది. అది గొట్టంలో ఉన్నంతసేపూ వెనకనుంచి గాలి ఇంకా ఇంకా తోస్తూనే ఉంటుంది. గ్యాస్ గన్లలో, సిలిండర్ గన్లలో తోయడానికి గాలి మిగిలి ఉంటుంది కాబట్టి బరువు పెరిగేకొద్దీ శక్తి కూడా పెరుగుతుంది. గొట్టం పొడవుగా ఉంటే మరీను. ఆటగాళ్లు దీన్ని జౌల్ క్రీప్ అంటారు. స్ప్రింగ్‌తో నడిచే బ్యాటరీ గన్లలో పిస్టన్ ఒక్క దెబ్బకి ఇచ్చేంత గాలే ఉంటుంది కాబట్టి ఈ తేడా చాలా తక్కువ. అద్దె గన్లన్నీ మేం ఆ రకమే ఉంచడానికి ఇదీ ఒక కారణం.

అతని సమస్య బల్ల దగ్గరే తీరిపోయింది. రెగ్యులేటర్‌లో పీడనం కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, 0.32తో 276 కంటే కిందకి వచ్చేదాకా కాల్పించాం. 1.14 జౌళ్లకి ఆ బీబీతో సరిపోయే వేగం అదే. తర్వాత రెగ్యులేటర్‌కి తాళం వేశాం, ఆట మధ్యలో పెంచడానికి వీలు లేకుండా. గమనించాల్సింది ఇంకోటి ఉంది. క్రోనోలో బరువు మార్చడం మరిచి 0.20 దగ్గరే వదిలేస్తే, అదే 300 అడుగులకి అది 0.84 జౌళ్లని చూపిస్తుంది. పెట్టె మీద అంకె పచ్చగా కనబడుతుంది, గన్ మాత్రం హద్దు దాటి ఉంటుంది. కాబట్టి మార్షల్ బరువు నమోదు చేశాడో లేదో మీరూ చూడండి, అడగండి. ఎవరూ తప్పుగా అనుకోరు.

గ్యాస్ గన్ తెచ్చేవాళ్లని మధ్యాహ్నం భోజనం తర్వాత మళ్లీ పిలుస్తాం. మ్యాగజైన్ వేడెక్కితే లోపల గ్యాస్ పీడనం పెరుగుతుంది. చలి ఉదయం పాసైన గన్ ఎండ పడ్డాక పాసవ్వాలని లేదు.

కళ్లు

ఈ ఏడాది అద్దె గాగుల్స్ అన్నీ మార్చాం. ఖర్చులో సగం సంఘం నిధి భరించింది, అందుకు కమిటీకి కృతజ్ఞతలు. ఎందుకు మార్చామో కూడా ఆ జౌళ్ల లెక్కే చెబుతుంది. యూరప్‌లో కంటి రక్షణకి ఈఎన్ 166 అనే ప్రమాణం ఏళ్ల తరబడి వాడుకలో ఉంది. అందులో ఎఫ్ గుర్తు ఉన్న అద్దాలని 6 మిల్లీమీటర్ల ఉక్కు గోళీని సెకనుకి 45 మీటర్ల వేగంతో కొట్టి పరీక్షిస్తారు. ఆ దెబ్బ సుమారు 0.87 జౌళ్లు. బి గుర్తు ఉన్నవాటిని సెకనుకి 120 మీటర్లతో, అంటే ఆరు జౌళ్లకి పైగా ఉండే దెబ్బతో పరీక్షిస్తారు. మన గన్లు 1.14 దాకా, స్నైపర్ రైఫిళ్లు రెండు జౌళ్లు దాటి కొడతాయి. ఏది కావాలో ఇక వేరే చెప్పక్కర్లేదు. ఫ్రేమ్ మీదా అద్దం మీదా రెండుచోట్లా బి గుర్తు ఉండాలి. సొంతంగా కొనేటప్పుడు ముందు దానికోసం వెతకండి, తర్వాతే అందం చూసుకోండి.

ఇనుప వల ఉన్న గాగుల్స్‌కి ఆవిరి పట్టదు, అందుకే చాలామంది ఇష్టపడతారు. మన మైదానంలో వాటిని ఒప్పుకోం. నాసిరకం బీబీ వలకి తగిలి పగిలితే ముక్కలు లోపలికి రాగలవు. మూతికి, పళ్లకి మాత్రం వల మాస్క్ చక్కగా పనిచేస్తుంది, తప్పకుండా పెట్టుకోండి. 18 ఏళ్లలోపు వాళ్లకి ముఖమంతా కప్పే మాస్క్ తప్పనిసరి.

మనవాళ్లలో కళ్లజోడు పెట్టుకునేవాళ్లు చాలామంది. మామూలు కళ్లజోడు రక్షణ కాదు, దెబ్బకి పగిలితే అదే ప్రమాదం. దానిమీద గాగుల్స్ పెట్టుకోవచ్చు. కానీ రెండు అద్దాల మధ్య ఆవిరి చేరి మసకబారుతుంది. అసలు భయం అక్కడే మొదలవుతుంది. గాగుల్స్ పగిలి కన్ను పోవడం కంటే, కనబడటం లేదని ఒక్క క్షణం గాగుల్స్ పైకెత్తడం వల్ల కన్ను పోయే అవకాశం చాలా ఎక్కువ. నేరుగా తగిలిన బీబీ కంటి లోపల రక్తస్రావం చేయగలదు, అది తగ్గాక ఏళ్ల తర్వాత కూడా గ్లకోమా రావచ్చు. కాబట్టి మసక పడితే చెయ్యెత్తి, గాగుల్స్ ముఖం మీదే ఉంచుకుని సేఫ్ జోన్‌కి నడవండి. దారి కూడా కనబడకపోతే కూర్చుండిపోయి మార్షల్‌ని పిలవండి. పొరపాటున గాగుల్స్ ఊడిపోతే వెతకొద్దు. వెంటనే ముఖం నేలకి పెట్టి, చేతులతో కప్పుకుని అరవండి. ఎవరి చెవిన పడినా "సీజ్ ఫైర్" అని అందుకోవాలి, ఆట మొత్తం ఆగాలి. ఆగిన ఆటకి ఎవరూ మిమ్మల్ని ఏమీ అనరు.

గాగుల్స్ లోపల అమర్చే పవర్ అద్దాలు దొరుకుతాయి. చిన్న ఫ్యాన్ ఉన్న గాగుల్స్ కూడా ఉన్నాయి, చెమట ఎక్కువ పట్టేవాళ్లకి పెట్టిన డబ్బు దండగ కాదు. అద్దాన్ని పెట్రోల్‌తోనో నెయిల్ పాలిష్ రిమూవర్‌తోనో తుడవకండి, పాలీకార్బొనేట్ పైకి బాగానే కనబడుతూ లోపల బలహీనపడుతుంది. లోతుగా గీత పడినా, గట్టి దెబ్బ తిన్నా మార్చేయండి.

హిట్ ఒప్పుకోవడం

ఈ ఆటలో దెబ్బ తగిలినట్టు రంగు పడదు, మరక మిగలదు. తగిలిందని తగిలినవాడే చెప్పాలి. చెయ్యెత్తి "హిట్" అని గట్టిగా అని బయటికి నడవాలి. ఈ ఏడాది మార్షళ్ల దాకా వచ్చిన గొడవలన్నీ దీని చుట్టూనే: "నేను కొట్టాను, వాడు ఒప్పుకోలేదు."

ఆగస్టులో ఇలాగే రెండు జట్ల మధ్య మాట పెరిగితే మార్షల్ ఒక పని చేశాడు. వాదంలో ఉన్న ఆటగాడి జాకెట్ తనే వేసుకుని 40 మీటర్ల దూరంలో వీపు తిప్పి నిలబడి, అదే గన్‌తో కొట్టమన్నాడు. కొన్ని తగిలాయి. అతనికి టక్ మని చప్పుడు వినిపించింది కానీ ఒంటికి తెలియలేదు. 0.20 గ్రాముల బీబీ 20 మీటర్లు వెళ్లేసరికి గాలి దాని వేగాన్ని సుమారు సగం చేస్తుంది, మరో 20 వెళ్తే మళ్లీ సగం. వేగం సగమైతే శక్తి నాలుగో వంతు అవుతుంది. అంటే 40 మీటర్ల దగ్గర బయలుదేరినప్పటి శక్తిలో పదహారో వంతు మిగులుతుంది. దళసరి జాకెట్ మీద, పరిగెత్తేవాడికి అది తెలియకపోవచ్చు. కాల్చినవాడి వైపునుంచి కూడా మోసం ఉంది. బీబీని మనం వెనకనుంచి చూస్తాం కాబట్టి అది మనిషికి తగిలిందా, ముందే పడిందా, పక్కనుంచి పోయిందా అన్నది సరిగ్గా తెలియదు. ఆకు తగిలి దారి తప్పినా మన కంటికి నేరుగా వెళ్లినట్టే ఉంటుంది.

అందుకని "హిట్ తీసుకో" అని అరవడం మన మైదానంలో నిషేధం. అనుమానం ఉంటే మళ్లీ కొట్టండి, లేదా మార్షల్‌కి చెప్పండి, అతను పక్కన నిలబడి చూస్తాడు. కోపంతో దగ్గరికెళ్లి వరసగా కాల్చినవాళ్లని ఆ రోజుకి ఇంటికి పంపిస్తాం. తగిలిందో లేదో మీకే అనుమానంగా ఉంటే బయటికి వచ్చేయండి. రీస్పాన్, అంటే మళ్లీ ఆటలోకి దిగే చోటు, దగ్గరే ఉంటుంది, రెండు నిమిషాల్లో మళ్లీ ఆటలో ఉంటారు. చెట్టుకో గోడకో తగిలి ఎగిరి వచ్చింది హిట్ కాదు. బ్యాక్‌ప్యాక్‌కి తగిలితే హిట్టే.

చేతిలోని గన్‌కి తగిలితే ఏం చేయాలన్నది ఇంకా తేలలేదు. పక్క మైదానాల్లో ఒక్కోచోట ఒక్కో పద్ధతి ఉంది. అది కూడా హిట్టే అని ప్రకటించాలన్నది నా ప్రతిపాదన. తగిలింది చేతికా గన్‌కా అన్న వాదన దాంతో పోతుంది. సర్వసభ్య సమావేశంలో కమిటీ దీన్ని ఓటుకి పెడుతుంది. రెండో క్రోనో, రెండో త్రాసు కొనే విషయం కూడా అదే రోజు చర్చకి వస్తుంది, ఎందుకంటే బీబీలు తూచడం మొదలుపెట్టాక ఉదయం క్యూ బాగా పెరిగింది. పవర్ అద్దాలు కావలసినవాళ్లు తమ ప్రిస్క్రిప్షన్ కార్యదర్శి గారికి ముందే పంపితే అందరివీ కలిపి ఒకేసారి ఆర్డర్ చేస్తాం.