మిక్సీ మోటార్‌లోకి నీళ్లు పోతే వారంటీ ఇవ్వం అన్నాం, ఇప్పుడు ఇస్తున్నాం

“కార్డు మీద మోటార్‌కి ఐదేళ్ల వారంటీ అని రాశారు. తీరా కాలిపోతే, నీళ్లు పోయాయి, మీదే తప్పు అంటున్నారు. ఇంక ఆ వారంటీ దేనికండీ?”

ఏలూరు నుంచి ఫోన్ చేసిన ఆవిడకు మోటార్ ఉచితంగా మార్చి ఇచ్చాం. మొదట ఇవ్వం అన్న మాట నిజం. మా సర్వీసు అబ్బాయి విప్పి చూసి, లోపల తడి కనిపించగానే కాగితం మీద ‘వాటర్ ఎంట్రీ’ అని రాసి తిప్పి పంపేశాడు. అతను మేం చెప్పినట్టే చేశాడు. కార్డు వెనక చిన్న అక్షరాల్లో ఆ షరతు పెట్టింది నేనే.

ఆవిడ ఫోన్ పెట్టేశాక మిక్సీ మళ్లీ తెప్పించి నేనే విప్పాను. మోతాదుకు మించి వేయడం వల్ల కాలిన మోటార్‌లో వైండింగ్ చుట్టూ ఒకేలా నల్లబడుతుంది. ఇందులో అలా లేదు. ఒక్క చోటే కాలింది. పైన జార్ బ్లేడును తిప్పే కప్లర్ తీసి చూస్తే దాని కింద ఎండిపోయిన మినప్పిండి చార కనిపించింది. ఆ చార ఇరుసు వెంబడే లోపలికి దిగింది, దాని పొడవునా తుప్పు. మిక్సీని సింకులో కడిగి ఉంటే నీళ్లు పక్కల నుంచి, అడుగు నుంచి వెళ్తాయి. ఇలా పై నుంచి, అదీ పిండితో కలిసి రావాలంటే దారి ఒక్కటే: జార్ అడుగు.

జార్ తెప్పించాం. బ్లేడు ఇరుసు చేత్తో పట్టుకుని కదిపితే అటూ ఇటూ ఆడుతోంది. ఇరుసును పట్టి ఉంచే బుష్ అరిగిపోయింది, దాని మీది వాషర్ గట్టిపడింది. కొని ఏడు నెలలే. రోజూ పిండి రుబ్బుతుంటే అక్కడి నుంచి చుక్కలు చుక్కలుగా కప్లర్ మీద పడ్డాయి. తిరిగేటప్పుడు అవి చెదిరిపోతాయి. రుబ్బడం అయ్యాక జార్‌ను మిక్సీ మీదే ఉంచితే మాత్రం మెల్లగా మోటార్‌లోకి దిగుతాయి. జార్‌కు మేం ఇచ్చింది ఆరు నెలల వారంటీ, మోటార్‌కు ఐదేళ్లు. ఆరు నెలలు దాటిన మా జార్ కారితే, ఐదేళ్లు హామీ ఇచ్చిన మా మోటార్‌ను అదే కాలుస్తోంది, బిల్లేమో కస్టమర్ కట్టాలి. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

అందుకే కార్డు మార్చాం. జార్ బుష్‌కు, వాషర్‌కు ఇకపై రెండేళ్లు. మోటార్‌లో తడి కనిపిస్తే జార్ కూడా చూడకుండా వారంటీ కాదనకూడదని మా సర్వీసు వాళ్లకు చెప్పాను. కప్లర్ కింద పిండి చార ఉండి, జార్ కారుతుంటే మోటార్ ఖర్చు మాదే. కాదనాల్సి వస్తే విప్పిన మోటార్ ఫోటో, కారణం రెండూ మీకు వాట్సాప్‌లో వస్తాయి. మీకు అనుమానముంటే వేరే మెకానిక్‌కు చూపించుకోవచ్చు. మిక్సీ మా దగ్గర ఎన్ని రోజులుంటే అన్ని రోజులు వారంటీ పెరుగుతుంది.

ఇవ్వలేనివీ ఉన్నాయి. టిఫిన్ సెంటర్‌లో పొద్దున్నుంచి ఆపకుండా తిప్పే మిక్సీకి ఈ వారంటీ వర్తించదు. ఇది ఐదు నిమిషాలు తిప్పి, రెండు నిమిషాలు ఆపి వాడే ఇంటి మోటార్. అడుగున ఎర్ర బటన్ బయటికి వచ్చి మిక్సీ ఆగిపోతే, చల్లారనివ్వకుండా మళ్లీ మళ్లీ నొక్కి నడిపినా వైండింగ్ పోతుంది. అప్పుడు నల్లబడ్డ తీరు చూస్తేనే తెలుస్తుంది.

మీ ఇంట్లో ఉన్న జార్ బాగుందో లేదో ఇప్పుడే చూసుకోవచ్చు. సగం వరకు నీళ్లు పోసి, పొడి పేపర్ మీద పది నిమిషాలు ఉంచండి. పేపర్ తడిసినా, జార్ అడుగున నల్లటి జిడ్డు మరక కనిపించినా ఆ జార్‌లో ఇక రుబ్బకండి. వీడియో తీసి మాకు పంపితే బుష్, వాషర్ మార్చి ఇస్తాం. బిల్లు కనిపించకపోయినా టెన్షన్ పడకండి. మిక్సీ అడుగున ఉన్న సీరియల్ నంబర్ ఫోటో చాలు, ఏ షాపుకు ఎప్పుడు పంపామో మా దగ్గర రాసి ఉంటుంది.

ఇదే కారణం చెప్పి ఇదివరకు మేం కాదన్న మిక్సీలు పదకొండు. వాళ్లందరికీ ఈ వారం నేనే ఫోన్ చేస్తున్నాను. నలుగురు అప్పటికే డబ్బు పెట్టి బయట మోటార్ మార్పించుకున్నారు. వాళ్ల జార్ తెప్పించి చూస్తాం. అది కారుతున్నట్టు తేలితే మోటార్‌కు అయిన ఖర్చు వాళ్ల ఖాతాలో వేస్తాం.