డ్యూటీ అప్పగింతలో పొరపాటు: కేసు ప్రజెంటేషన్ తర్వాత అడగదగిన ప్రశ్నలు

సభ్యులందరికీ నమస్కారం. కేసు ప్రజెంటేషన్ ముగిశాక తప్పు ఎవరిదని కాక, సమాచారం ఎక్కడ తెగిపోయిందో తేల్చే ప్రశ్నలు అడగవలసిందిగా మనవి.

ఉదాహరణకు, సాయంత్రం డ్యూటీ నర్సు 7:45కి 10 యూనిట్ల రెగ్యులర్ ఇన్సులిన్ ఇచ్చి, మందుల చార్టులో సంతకం చేయకుండానే 8 గంటలకు డ్యూటీ అప్పగించారనుకుందాం. గడి ఖాళీగా ఉండటంతో రాత్రి నర్సు అదే మోతాదు మళ్లీ ఇచ్చారు.

అప్పగింత రోగి మంచం దగ్గర, చార్టు చేతిలో పెట్టుకొని జరిగిందా, లేక నర్సింగ్ స్టేషన్‌లో నోటిమాటగా జరిగిందా అన్నది మొదట అడగండి. మంచం దగ్గరే జరిగి ఉంటే ఖాళీ గడి ఇద్దరి కంటా పడేది, స్పృహలో ఉన్న రోగి సైతం సూది వేశారని చెప్పగలిగేవారు. విన్న నర్సు ఇన్సులిన్ మోతాదును, ఇచ్చిన సమయాన్ని తిరిగి చెప్పి నిర్ధారించుకున్నారా?

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న వేరొకటి ఉంది. చర్మం కింద ఇచ్చిన రెగ్యులర్ ఇన్సులిన్ ప్రభావం సుమారు రెండు నుంచి నాలుగు గంటల మధ్య తీవ్రంగా ఉంటుంది కనుక, పొరపాటు తెలిసిన క్షణం నుంచి చక్కెరను ఎంత వ్యవధికొకసారి పరీక్షించారు, వైద్యుడికి ఎప్పుడు తెలియజేశారు, రోగి రాత్రి భోజనం చేశారా? రోగి బీటా బ్లాకర్ వాడుతుంటే చక్కెర పడిపోయినా గుండెదడ కనిపించకపోవచ్చు. అప్పుడు చెమటను గమనించారా అని కూడా అడగండి.