నలభై రూపాయలు ఎక్కడికీ పోలేదమ్మడూ

సోహార్, ఒమన్
శుక్రవారం రాత్రి

అమ్మడూ,

డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళ ఆటో ఖర్చు కోసం మీ బడి పిల్లలు డబ్బాలు పట్టుకుని చేసిన వసూలు గురించి సోమవారం ప్రేయర్‌లో చదవబోయే ఉపన్యాసం పంపావు కదా, రెండుసార్లు చదివాను. మొదటిసారి భోజనాల దగ్గర, అందరికీ వినపడేలా. క్యాంపులో మన కవిటి వాళ్ళు ముగ్గురున్నారు. "మీ గుంట స్కూల్ లీడరైపోనాదేటి!" అని ఒకటే సంబరం. రెండోసారి మంచమెక్కాక ఒక్కణ్ణే చదువుకున్నాను. అప్పుడు కనబడింది ఆ నాలుగో పేరా.

"లెక్కలో నలభై రూపాయలు తగ్గినందుకు విచారిస్తున్నాం" అని రాశావు. కింద మెసేజీలో ఇంకో సంగతి. తొమ్మిదో నెంబరు డబ్బా మూతకి టేపు ఊడి ఉందని, దాన్ని పట్టుకు తిరిగిన ఎనిమిదో తరగతి కుర్రాడి మీద అందరి చూపూ పడిందని, వాడు ఇవాళ బడికి రాలేదని. ఇంక నిద్రేం పడుతుంది? లేచి, నువ్వు పంపిన లెక్క కాగితం ఫొటో పెద్దది చేసుకుని చూశాను.

బుధవారం చిల్లర కిరాణా కొట్టు కాటా మీద తూచి లెక్క కట్టారు. గురువారం మేష్టారు చేత్తో లెక్కపెట్టమన్నారు. పాత పెద్ద రెండు రూపాయల బిళ్ళలు, అంచులు పలకలుగా ఉండేవి, ముందే పక్కన పెట్టారు, మంచి పని. మిగతా వాటిలో బుధవారం లెక్క: రెండు రూపాయల బిళ్ళలు 350, రూపాయలు 380. గురువారం లెక్క: రెండు రూపాయలవి 310, రూపాయలు 420. బుధవారం విలువ 1,080, గురువారం 1,040. నలభై తగ్గింది, నిజమే. కానీ బిళ్ళలు ఎన్నో కూడి చూశావా? 350, 380 కలిపితే 730. 310, 420 కలిపినా 730. ఒక్క బిళ్ళ కూడా ఎక్కడికీ పోలేదు. నలభై రూపాయి బిళ్ళలు బుధవారం నాడు రెండు రూపాయల కుప్పలో కూర్చున్నాయి, అంతే.

ఎలా కూర్చున్నాయో ఇంట్లోనే చూడొచ్చు. మీ అమ్మ పోపుల డబ్బాలో చిల్లర ఉంటుంది. 2011 నుంచి 2018 మధ్య వచ్చిన రెండు రూపాయల బిళ్ళ ఒకటి, 1990ల నాటి స్టీలు రూపాయి ఒకటి తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టు. రెండూ 25 మిల్లీమీటర్ల వెడల్పే, రెండూ 4.85 గ్రాములే. అదే 2011-2018 మధ్య వచ్చిన రూపాయి మాత్రం 22 మిల్లీమీటర్లు, 3.79 గ్రాములు. మీరు సైజు చూసి కుప్పలు పోశారు కాబట్టి పాత రూపాయలన్నీ రెండు రూపాయలతో కలిసిపోయాయి. కాటా కూడా సరేనంది, బరువూ అంతే కదా మరి.

నేనేమీ పెద్ద తెలివైనవాణ్ణి కాదులే. ఇక్కడ స్టోర్సులో నట్లూ వాషర్లూ మేమూ తూచే లెక్కపెడతాం. పది తూచి, ఒక్కోదాని బరువు కట్టి, మొత్తాన్ని దాంతో భాగిస్తాం. వచ్చిన కొత్తలో, ఇంతకు ముందు పనిచేసిన కంపెనీలో, రెండు రకాల వాషర్లు ఒకే బస్తాలో కలిసిపోయి లెక్క తగ్గింది. తగ్గినదానికి నా జీతంలో కోశారు. మీ అమ్మకి ఆ నెల డబ్బు ఎందుకు తక్కువ పంపానో ఇప్పటికీ చెప్పలేదు. ఇప్పుడు తెలిసిపోతుంది, తెలియనీ.

ఒక్క మాట మాత్రం గుర్తుంచుకో. ఈ 730 చెప్పేది రెండు లెక్కల మధ్య ఏమీ పోలేదని మాత్రమే. డబ్బా విప్పకముందు ఏం జరిగిందో ఏ కాగితమూ చెప్పదు. కానీ ఆ కుర్రాడి మీద అనుమానం పుట్టిందే ఈ నలభై వల్ల కదా. అది తీరిపోయాక వాడి మీద మిగిలేది ఊడిన టేపు ఒక్కటే. ఎండలో టేపు ఊడుతుంది.

రేపు రెండో శనివారం, బడి లేదు. ఆ కాగితం పట్టుకుని వాడింటికి వెళ్ళు, వాళ్ళ అమ్మ ఎదురుగా ఈ కూడిక చేసి చూపించు. స్టేజీ మీద మాత్రం వాడి పేరు ఎత్తకు. "అతను తియ్యలేదు" అని మైకులో అంటే, తియ్యడం అనే మాట ఒక్కటే పిల్లల చెవిలో మిగులుతుంది.

ఇక ఉపన్యాసం. "ఎనలేని సేవలందించిన వాలంటీర్లకు పేరుపేరునా కృతజ్ఞతలు" అన్నావు, ఒక్క పేరూ లేదు, ఒక్క పనీ లేదు. ఫోన్లో నాతో చెప్పినవన్నీ ఏమైపోయాయి? బారువ చేపల బజార్లో పడిన నోట్లు తడిసి అంటుకుపోతే, పాత పేపర్ల మధ్య పెట్టి ఫ్యాను కింద ఆరబెట్టారన్నావు. తరగతి గదంతా ఎండుచేపల వాసనన్నావు. చిల్లర ఏరిన వాళ్ళ వేళ్ళు నల్లబడిపోయాయన్నావు. అవే చెప్పు.

ఏ తరగతి ఎంత తెచ్చిందో చదవకు. ఆరో తరగతి వాళ్ళు 312 రూపాయలే తెచ్చారని నవ్వారట. వాళ్ళు తిరిగిన వీధిలో సగం ఇళ్ళలో డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళున్నారని నువ్వే అన్నావు. మీ చిన్నతాతతో చూశాం కదా, వారానికి రెండుసార్లు, వెళ్ళినప్పుడల్లా నాలుగ్గంటలు మిషను మీద. మిషనుకి డబ్బు అడగలేదు, ఆటోకి అయ్యేది. మీరు వసూలు చేసింది ఆ ఆటో ఖర్చుకే. ఎవరికి ఇస్తున్నారో పేర్లు చదవకు, వాళ్ళ పిల్లలు నీ ఎదురుగానే లైన్లో నిలబడి ఉంటారు.

నాలుగో పేరా తీసేసి ఇలా రాస్తే ఎలా ఉంటుందో చూడు:

"బుధవారం మేము చిల్లర తూచి లెక్కపెట్టి 25,880 అన్నాం. గురువారం చేత్తో లెక్కపెడితే 25,840 వచ్చింది. నలభై పాత రూపాయి బిళ్ళలు రెండు రూపాయల కుప్పలో కలిశాయి. తప్పు లెక్కది, లెక్క పెట్టించింది నేను. డబ్బాలు మోసిన ఇరవై రెండు మందీ తెచ్చింది తెచ్చినట్టు ఉంది. తడి నోట్లు ఆరబెట్టిన వాళ్ళకి, సాయంత్రం ఆరింటిదాకా చిల్లర ఏరిన వాళ్ళకి, కాటా ఇచ్చిన కొట్టు బాబాయికి, తక్కువ వచ్చే వీధని తెలిసీ వెళ్ళిన ఆరో తరగతికి థాంక్స్. బ్యాంకు రసీదు రాగానే నోటీసు బోర్డు మీద పెడతాం."

"తప్పు నాది" అనడం నీకు కష్టంగా ఉంటే మానెయ్, బలవంతం లేదు. కానీ నువ్వంటేనే ఆ కుర్రాడు తలెత్తి నిలబడతాడని నాకనిపిస్తోంది.

బ్యాంకుకి తీసుకెళ్ళే ముందు నోట్లకి కొట్టిన పిన్నులు తీసెయ్యండి, కాగితం పట్టీ చుట్టండి. చిరిగిన ఇరవై రూపాయల నోటు ఉందన్నావు కదా, ఒకే ముక్కలో సగానికి మించి ఉంటే ఇరవైకి ఇరవై ఇస్తారు. సగం లేకపోతే ఏమీ రాదు, మొత్తం 25,820 అవుతుంది. రసీదులో ఏదుంటే అదే బోర్డు మీద రాయండి.

మీ అమ్మని జీడిపప్పు పంపొద్దను, పోయినసారిదే ఇంకా ఉంది. ఆ కుర్రాడు సోమవారం వచ్చాడో లేదో మెసేజ్ పెట్టు. ఇక్కడ గంటన్నర వెనక కదా, మీ ప్రేయర్ బెల్లుకి నేను బస్సులో ఉంటాను.

మీ నాన్న