‘ఇఫ్’ పక్కన ‘విల్’ ఎప్పుడూ తప్పేనా?

సంపాదకులకు,

ద్వారకానగర్‌లో పోటీ పరీక్షల కోచింగ్ తీసుకుంటున్న మా పక్కింటి అమ్మాయి మొన్న ఒక మాక్ టెస్ట్ పేపరు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ముప్పై ఏళ్లకు పైగా ఇంగ్లిష్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి ఇలాంటి పంచాయితీలు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. వాక్యంలో తప్పు ఎక్కడుందో గుర్తించమన్నది ప్రశ్న. వాక్యం ఇది: “ఇఫ్ ఇట్ విల్ సేవ్ టైమ్, వుయ్ విల్ టేక్ ద బీచ్ రోడ్.” అమ్మాయి తప్పేమీ లేదని పెట్టింది. కీలో మాత్రం ‘విల్ సేవ్’ తప్పు, ‘సేవ్స్’ ఉండాలి అని ఉంది. మార్కు పోయింది, పైన నెగెటివ్ పావు మార్కు కూడా. “తాతగారూ, ఇఫ్ పక్కన విల్ రాకూడదంటగా?” అని అడిగింది.

రాకూడదన్న సూత్రం చాలా చోట్ల నిజమే. “రేపు వాన పడితే మ్యాచ్ ఆగిపోతుంది” అనే వాక్యాన్ని ఇంగ్లిష్‌లో చెప్పాలంటే “ఇఫ్ ఇట్ రెయిన్స్ టుమారో” అనాలి, “విల్ రెయిన్” అనకూడదు. ముందు వాన పడాలి, తర్వాత మ్యాచ్ ఆగాలి. ఇఫ్ చెప్పే సంగతి ముందు జరిగి, దాని వెనక రెండోది జరిగే చోట వర్తమానమే వాడతారు. పరీక్షల్లో వచ్చే వాక్యాల్లో ఎక్కువ భాగం ఈ రకమే. అందుకే సూత్రం బాగా పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది.

బీచ్ రోడ్డు వాక్యంలో వరస తిరగబడింది. ముందు మనం ఆ రోడ్డెక్కాలి, టైమ్ కలిసిరావడం ఆ తర్వాతి మాట. అంటే ఇఫ్ వెనక ఉన్నది పనికి ముందు జరగాల్సిన షరతు కాదు, పని వల్ల వచ్చే ఫలితం. ఆ ఫలితం వస్తుందన్న నమ్మకం ఇప్పుడుంటే చాలు, బయల్దేరతాం. ఇలాంటి చోట ఇంగ్లిష్ వాళ్లు విల్‌ను మామూలుగానే వాడతారు. ‘సేవ్స్’ అన్నా తప్పు లేదు, అదీ చెల్లుతుంది. కానీ చెల్లే రెండు రూపాల్లో ఒకదాన్ని తప్పు అనడం కీ చేసిన తప్పు.

ఈ తేడా మన పిల్లలకు కొత్తదేమీ కాదు, తెలుగులో రోజూ పాటిస్తున్నదే. “టైమ్ మిగిలితే బీచ్ రోడ్డులో వెళ్దాం” అంటే తీరిక ఉంటే సముద్రం చూసుకుంటూ పోదామని. “టైమ్ మిగులుతుందంటే బీచ్ రోడ్డులో వెళ్దాం” అంటే తొందరలో ఉన్నామని. అమ్మాయికి ఇదే చెప్పాను. నీ వాక్యాన్ని తెలుగులో ‘-తే’తో చెప్పి చూడు. అర్థం చెడకపోతే వర్తమానం పెట్టు. చెడిపోయి ‘-తుందంటే’ అనాల్సి వస్తే అక్కడ విల్‌కు చోటుంది. “తగ్గుతుందంటే ఆ మాత్ర వేసుకుంటాను” అంటాం గానీ “తగ్గితే వేసుకుంటాను” అనం కదా, తగ్గాక మాత్ర ఎందుకు?

ఇష్టాయిష్టాలు చెప్పే విల్ మరో రకం. “ఇఫ్ యూ విల్ వెయిట్ ఎ మినిట్” అంటే “మీరు ఒక్క నిమిషం ఆగుతానంటే” అని. పాత ఇంగ్లిష్‌లో ఈ క్రియకు అసలు అర్థం ‘కోరుకోవడం’. ఆ వాసన ఇంకా పోలేదు. “ఇఫ్ హీ వోంట్ లిజన్” అన్నప్పుడు వినకపోవడం కాదు, విననని మొండికేయడం కనిపిస్తుంది.

మరీ సందిగ్ధమైన చోటు ఇంకొకటుంది. “తుపాను రాత్రికి తీరం దాటితే రైళ్లు ఆపేస్తారు” అన్నప్పుడు విల్ కుదరదు. “ఎలాగూ రాత్రికి తీరం దాటుతుందంటే, ఇప్పుడు వేటకెళ్లడం ఎందుకు?” అన్నప్పుడు కొందరు విల్ వాడతారు, ‘గోయింగ్ టు’ వాడేవాళ్లు ఎక్కువ. తీరం దాటడం ఇక్కడ షరతు కాదు, వాతావరణ శాఖ చెప్పిన సంగతి. 2014లో హుద్‌హుద్ చూసిన మాకు ఈ రెండు వాక్యాలకూ ఉన్న దూరం విడమరచి చెప్పనక్కర్లేదు.

నా విన్నపం చిన్నది. మీ పత్రిక పోటీ పరీక్షల పేజీలో కూడా “ఇఫ్ తర్వాత విల్ రాదు” అని ఒక్క ముక్కలో వేస్తున్నారు. దాని పక్కన “షరతు ముందు జరిగే చోట” అన్న నాలుగు మాటలు చేర్చండి. ప్రశ్నపత్రాలు తయారుచేసేవారు వాన, మ్యాచ్ లాంటి వాక్యాలే ఎంచుకుంటే ఏ పేచీ ఉండదు. ఫలితం చెప్పే వాక్యం ఇవ్వాలనుకుంటే రెండు జవాబులకూ మార్కు ఇవ్వాలి. మా పక్కింటి అమ్మాయి కీ మీద అభ్యంతరం రాసి ఇచ్చింది. “సూత్రం అంతే” అని నోటిమాటగా చెప్పి పంపించారట.

– ఒక విశ్రాంత ఇంగ్లిష్ ఉపాధ్యాయుడు,
సీతమ్మధార, విశాఖపట్నం