ఎనుమాముల మార్కెట్‌ల కలిసిన హమాలీ కాకకు

కాకా, మీ పేరు అడుగుడే మరిచిన.

వరంగల్‌ల మా తాతది కిరాణం దుకాణం. మిర్చి ఎట్ల కొనాల్నో ఆయన చెప్తుంటే రికార్డు చేసుకున్న. ఫోన్ నీళ్లల్ల పడి అదంతా పోయింది. మళ్లీ అడుగుదామంటే పక్షవాతమొచ్చి తాతకు మాట పడిపోయింది. గుర్తున్నది కాగితం మీద రాసుకున్న: రంగుకు చపాట, కారానికి తేజ, రెండూ కలిపి పట్టియ్యాలె; తేమున్న కాయ కొంటే బూజు పడ్తది. ఆ తేమ ఎట్ల తెలుస్తదో మాత్రం యాదికి రాలె.

మీరు బస్తా దించి, చేతులు తువ్వాలకు తుడుచుకుని, రెండు కాయలు నా చెవి కాడ ఊపిన్రు. ఒకటి గలగలమన్నది. ఇంకోటి మూగదే.

"ఎండితే గింజ మోగుతది బిడ్డా. తూకానికి నీళ్లు చల్లినదైతే మోగది, విరిస్తే వంగుతది. పొద్దుగాల మంచుకు మంచి కాయ గూడ మెత్తబడ్తది, ఎండెక్కినంక చూడు."

అచ్చం తాత మాటలే! హమాలీ టైం ఎంత విలువో నాకెరుకే, అయినా నేను రాసుకునేదాంక నిలబడ్డరు. ఆ మోగే కాయను నా కాగితంల మడిచిచ్చిన్రు.

రాత్రి దాన్ని తాత చెవి కాడ ఊపిన. కండ్లు మూసుకుని విన్నడు, ఇంకోసారి ఊపుమని వేలు చూపిండు.